తలలో పేను, బట్టలో పేను



మనిషి రక్తం తాగి బతికే పేలు మూడు రకాలు. ఒకటి తలలో ఉంటుంది. ఇంకొకటి బట్టల్లో ఉంటుంది; దాన్నే మన పెద్దవాళ్లు చీరపేను అనేవారు. మూడోది మర్మాంగాల దగ్గరి వెంట్రుకల్లో ఉండే వేరే జాతి. దాని సంగతి ఇవాళ వదిలేద్దాం. మొదటి రెండింటి గురించే నేను చెప్పబోతున్నాను. ఎందుకంటే ఆ రెండూ ఒకే జాతి పురుగులు. పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూసినా ఏది తలపేనో ఏది చీరపేనో తేల్చడం తెలిసినవాళ్లకే కష్టం. అయినా తలపేను పిల్లల చేత తల గోకిస్తుంది, నిద్ర చెడగొడుతుంది, అంతవరకే. చీరపేను మాత్రం టైఫస్ అనే జ్వరాన్ని మనిషి నుంచి మనిషికి మోస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం, విప్లవం, అంతర్యుద్ధం ఒకదాని వెంట ఒకటి వచ్చిన ఆ కొద్ది ఏళ్లలో రష్యాలో సుమారు ముప్పై లక్షల మందిని ఆ జ్వరం బలి తీసుకుందని అంచనా. ఒకే జాతిలో ఇంత తేడా ఎలా వచ్చిందన్నదే ఈ ప్రసంగంలో నేను చెప్పదలచిన విషయం.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. టైఫస్ వేరు, టైఫాయిడ్ వేరు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తుంది. దానికీ పేలకూ సంబంధం లేదు. అలాగే ఈమధ్య ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో మనం తరచుగా వింటున్న స్క్రబ్ టైఫస్ కూడా వేరే జబ్బే. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని ఒక సన్న పురుగు పిల్లదశలో కుట్టడం వల్ల అది వస్తుంది. కుట్టినచోట చాలామందికి నల్లటి పొక్కు కడుతుంది. నేను చెప్పబోయేది పేలు మోసే టైఫస్ గురించి. పూర్వం జైళ్లలో, సైనిక శిబిరాల్లో, ఓడల్లో ఊచకోత కోసిన జ్వరం ఇదే.

ఇక పేను సంగతి. ఎదిగిన పేను నువ్వుగింజంత ఉంటుంది. రెక్కలు లేవు, ఎగరలేదు, గెంతలేదు. ఆరు కాళ్లున్నాయి. ఒక్కో కాలి చివర కొక్కెం లాంటి గోరు ఒకటి ఉంటుంది. దానితో పట్టుకుని పాకడం ఒక్కటే దానికి తెలిసిన విద్య. మనిషి రక్తం తప్ప వేరే ఆహారం లేదు, రోజుకు కొన్నిసార్లు తాగాలి. కుక్క మీదా పిల్లి మీదా అది బతకదు. ఈరు పగిలి పిల్ల బయటికి రావడానికి వారం నుంచి తొమ్మిది రోజులు పడుతుంది. ఆ పిల్ల మూడుసార్లు కుబుసం విడిచి, మరో తొమ్మిది నుంచి పన్నెండు రోజుల్లో ఎదుగుతుంది. ఎదిగాక సుమారు నెల రోజులు బతుకుతుంది. ఇంతవరకు రెండు పేలకూ ఒకటే కథ.

తేడా అంతా గుడ్డు పెట్టే చోటులో ఉంది. తలపేను వెంట్రుక మొదట్లో, మాడుకు బాగా దగ్గరగా, జిగురుతో ఈరును అంటిస్తుంది. మాడు వెచ్చదనమే ఆ ఈరును పొదుగుతుంది. తలపేను పుట్టుక, తిండి, చావు అన్నీ తలలోనే. తల నుంచి కింద పడితే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. చీరపేను మన ఒంటి మీద కాపురం ఉండదు. బట్టల కుట్ల మడతల్లో ఉంటుంది. చంకల దగ్గర, నడుము పట్టీ దగ్గర, మెడపట్టీ లోపల, ఎక్కడ బట్ట ఒంటిని అంటిపెట్టుకుని ఉంటుందో అక్కడ దారపు పోగులకే ఈర్లు పెడుతుంది. ఆకలి వేసినప్పుడు మాత్రం ఒంటి మీదికి వచ్చి, రక్తం తాగి, మళ్లీ కుట్టులోకి వెళ్లిపోతుంది. తిండి లేకపోయినా అది ఐదు నుంచి ఏడు రోజులు నిలవగలదు.

అంటే చీరపేను బతకాలంటే మనిషి ఒకే బట్ట రోజుల తరబడి విప్పకుండా కట్టుకుని ఉండాలి. బట్ట విప్పి దండెం మీద వేస్తే దానికి తిండి లేదు. ఉడకబెట్టి ఉతికితే పేలూ ఈర్లూ కూడా చస్తాయి. మన ఉక్కకు రోజూ స్నానం చేసి, పల్చటి నూలుబట్ట మార్చుకుని, ఉతికింది ఎండలో ఆరేసుకునే చోట చీరపేను నిలదొక్కుకోవడం కష్టం. పేదరికం, చలి, నీటి కొరత కలిసి, ఉన్న ఒక్క ఉన్ని కోటునూ చలికాలమంతా విప్పలేని మనిషి దగ్గరే అది వేలల్లో పెరుగుతుంది. అందుకే ఈ జబ్బు చరిత్ర అంతా చలిదేశాల్లో, కొండప్రాంతాల్లో, శీతాకాలాల్లో నడిచింది.

మనిషి బట్ట కట్టడం మొదలుపెట్టక ముందు చీరపేనుకు ఉండటానికి చోటే లేదు కదా. తలపేల నుంచే అది విడివడిందని జన్యుశాస్త్రవేత్తల నిర్ణయం. 2003లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో మార్క్ స్టోన్‌కింగ్ బృందం ఈ రెండు పేల జన్యువులను పోల్చి, అవి ఎప్పుడు విడిపోయాయో లెక్క కట్టింది. అలా చేస్తే మనిషి బట్ట కట్టడం ఎప్పుడు మొదలైందో తెలుస్తుందని వాళ్ల ఆలోచన. డెబ్బై వేల ఏళ్ల కిందటని మొదట అన్నారు. తర్వాతి లెక్కలు లక్ష ఏళ్లు దాటి వెనక్కి వెళ్లాయి. నూలు, తోలు మట్టిలో కలిసిపోయి ఏ ఆనవాలూ మిగలని కాలానికి పేను సాక్ష్యం చెప్పడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇప్పుడు ట్యునీషియాకు వెళదాం. ఆఫ్రికా ఉత్తర తీరంలో ఉన్న ఆ దేశం అప్పట్లో ఫ్రాన్స్ ఏలుబడిలో ఉండేది. 1903లో షార్ల్ నికోల్ అనే ఫ్రెంచి వైద్యుడు రాజధాని ట్యునిస్‌లోని పాస్చర్ సంస్థకు అధిపతిగా వచ్చాడు. అక్కడ ఏటా చలికాలంలో టైఫస్ మొదలయ్యేది. జైళ్లలో, పల్లెల్లో, పేదల వాడల్లో విజృంభించి, ఎండలు ముదరగానే తగ్గిపోయేది. రోగుల్ని చూడటానికి వెళ్లిన వైద్యులు కూడా దాని బారిన పడి చనిపోయేవారు. వచ్చిన కొత్తలోనే నికోల్ ఒక జైలుకు వెళ్లి ఈ జబ్బును దగ్గరగా చూడాలనుకున్నాడు. బయలుదేరే ముందు తనకే ఒంట్లో బాగా లేక ఆగిపోయాడు. అతనితో వెళ్లవలసిన వైద్యుడు, ఒక నౌకరు ఇద్దరే వెళ్లారు. ఆ రాత్రి అక్కడ పడుకున్నారు. ఇద్దరికీ టైఫస్ సోకింది, ఇద్దరూ చనిపోయారు.

ట్యునిస్‌లో స్థానిక ప్రజల ఆసుపత్రి ఒకటి ఉండేది. టైఫస్ రోజుల్లో అది కిటకిటలాడేది. జాగా లేక కొందరు రోగులు గుమ్మం దగ్గరే పడి ఉండేవారు. నికోల్ గమనించింది ఇదీ: ఇంట్లో ఉన్న రోగి వల్ల ఇంటిల్లిపాదికీ జబ్బు వస్తోంది. గుమ్మం దగ్గర పడి ఉన్న రోగి వల్ల పక్కవాడికి వస్తోంది. అదే రోగి ఆసుపత్రి లోపలికి వెళ్లి మంచం ఎక్కిన తర్వాత మాత్రం పక్క మంచం మీది మనిషికి రావడం లేదు. మంచాలు ఎంత దగ్గరగా ఉన్నా రావడం లేదు. వైద్యులకు, నర్సులకు కూడా రావడం లేదు. ఆసుపత్రి సిబ్బందిలో జబ్బు పడుతున్నది ఎవరంటే, వచ్చిన రోగి బట్టలు విప్పి తీసుకునేవాళ్లు, ఆ బట్టలు ఉతికేవాళ్లు.

గుమ్మానికీ మంచానికీ మధ్య జరుగుతున్నదేమిటి? రోగి బట్టలు తీసేస్తున్నారు, వెంట్రుకలు గొరుగుతున్నారు, స్నానం చేయించి ఆసుపత్రి బట్టలు తొడుగుతున్నారు. జ్వరం లోపలికి వస్తోంది, అంటు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. గుమ్మం దగ్గర ఆగిపోతున్నవి రోగి బట్టలే కాబట్టి అంటు ఆ బట్టల్లోనే ఉండి తీరాలి. బట్టల్లో ఉన్నది పేనే.

అనుమానం వేరు, రుజువు వేరు. 1909లో నికోల్ ఒక రోగి రక్తాన్ని చింపాంజీకి ఎక్కించాడు. దానికి జ్వరం వచ్చింది. చింపాంజీ రక్తాన్ని ఒక కోతికి ఎక్కించాడు, దానికీ వచ్చింది. జ్వరంతో ఉన్న ఆ కోతి మీద పేలను వదిలి రక్తం తాగనిచ్చి, ఆ పేలనే ఆరోగ్యంగా ఉన్న కోతుల మీద వేశాడు. వాటికీ జ్వరం వచ్చింది. ఆ ఏడే ఈ ఫలితాన్ని పారిస్‌లోని శాస్త్ర అకాడమీకి తెలిపాడు. 1928లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. నా దృష్టిలో కోతుల ప్రయోగం కంటే ఆ గుమ్మం దగ్గరి గమనికే గొప్పది. ఆ గుమ్మం దాటి రోజూ ఎందరో వైద్యులు వెళ్లారు. బట్టల మూటను పట్టించుకున్నది అతనొక్కడే.

జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని ఆ తర్వాతి ఏళ్లలో గుర్తించారు. దాని పేరు రికెట్సియా ప్రొవాజెకి. ఆ పేరులో ఇద్దరు పరిశోధకులున్నారు. అమెరికాకు చెందిన రికెట్స్ 1910లో మెక్సికోలో, ప్రొవాజెక్ 1915లో జర్మనీలోని ఒక యుద్ధఖైదీల శిబిరంలో ఇదే జబ్బును పరిశోధిస్తూ ఇదే జబ్బుతో కన్నుమూశారు. 1916లో ప్రొవాజెక్ సహచరుడు, బ్రెజిల్‌కు చెందిన రోషా లీమా, ఆ ఇద్దరి జ్ఞాపకంగా ఆ పేరు పెట్టాడు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పేను కుట్టినప్పుడు ఈ సూక్ష్మజీవి మన ఒంట్లోకి పోదు. దోమ మలేరియాను ఎక్కించినట్టు పేను టైఫస్‌ను సూదిలా ఎక్కించదు. జరిగేది వేరు. జ్వరంగా ఉన్న మనిషి రక్తంతో పాటు రికెట్సియా పేను కడుపులోకి చేరుతుంది. పేగు గోడలోని కణాల్లో దూరి పెరుగుతుంది. ఆ కణాలు ఉబ్బి ఉబ్బి పగులుతాయి. అప్పుడు సూక్ష్మజీవులు పేను మలంలో కలుస్తాయి. ఇందుకు వారం లోపే పడుతుంది. ఆ తర్వాత పేను రక్తం తాగిన ప్రతిసారీ అక్కడే విసర్జిస్తుంది. కుట్టినచోట దురద పుట్టి మనం గోకుతాం. గోటి గీతల్లోకి ఆ మలాన్ని మనమే రుద్దుకుంటాం. పేను చితికినా అంతే. కళ్లు నులుముకున్నా సోకవచ్చు. పైగా ఎండిన పేనుమలంలో ఈ సూక్ష్మజీవి సుమారు వంద రోజుల దాకా బతికి ఉండగలదు. రోగి బట్టలు దులిపినప్పుడు లేచే దుమ్ము పీల్చినా జబ్బు రావచ్చు. ట్యునిస్‌లో బట్టలు ఉతికేవాళ్లు ఎందుకు జబ్బు పడ్డారో దీన్నిబట్టి తెలుస్తుంది.

పేను కూడా ఈ జబ్బుకు బలి అవుతుంది. పేగు పగిలి, తాగిన రక్తం దాని ఒళ్లంతా చిమ్మి, అది ఎర్రబారి, రెండు మూడు వారాల్లోపే చస్తుంది. తన ఈర్ల ద్వారా పిల్లలకు ఈ సూక్ష్మజీవిని ఇవ్వదు. ప్రతి పేనూ మళ్లీ ఒక జ్వరపు మనిషి దగ్గరే దాన్ని తెచ్చుకోవాలి. అంటే పేనుకు జబ్బు ఇస్తున్నది మనమే.

అలా చచ్చే పేను అంత దూరం జబ్బును ఎలా మోసుకుపోతుంది? దీనికి జవాబు దాని సుఖంలో ఉంది. బట్టకూ చర్మానికీ మధ్య ఉండే గోరువెచ్చదనం దానికి హాయి. మనిషికి జ్వరం నూట నాలుగు డిగ్రీలు దాటితే ఆ వేడి దానికి పట్టదు. మనిషి చనిపోయి ఒళ్లు చల్లబడినా అక్కడ ఉండలేదు. రెండు సందర్భాల్లోనూ ఆ బట్ట వదిలి పక్కనున్న మనిషిని వెతుక్కుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాడి మీద కదలకుండా ఉండే పేను, సరిగ్గా జ్వరం ముదిరినప్పుడే, తన కడుపులో రికెట్సియా నిండినప్పుడే ఇల్లు మారుతుంది. చలికి ఒకరినొకరు ఆనుకుని పడుకునే జైలు గదిలో దానికి పాకవలసిన దూరం జానెడే. చనిపోయినవాడి కోటు ఇంకొకడు తొడుక్కుంటే ఆ జానెడు కూడా అక్కర్లేదు.

సోకిన ఒకటి రెండు వారాలకు జ్వరం ఒక్కసారిగా వస్తుంది. తల పగిలిపోతున్నంత నొప్పి, ఒళ్లంతా నొప్పులు. ఐదో రోజు ప్రాంతంలో ఛాతీ మీద, పొట్ట మీద దద్దుర్లు మొదలై చేతులకూ కాళ్లకూ పాకుతాయి. ముఖం, అరిచేతులు, అరికాళ్లు మాత్రం చాలావరకు తప్పించుకుంటాయి. రోగికి స్పృహ తప్పుతుంది, కలవరింతలు వస్తాయి. మందు ఇవ్వకపోతే పదిమందిలో ఒకరి నుంచి నలుగురి దాకా చనిపోవచ్చు. వయసు పైబడినవారికి ఎక్కువ ప్రమాదం. ఇవాళ డాక్సీసైక్లిన్ అనే చవకైన మందు ఉంది. మహమ్మారి రోజుల్లో పెద్దవాళ్లకు ఒక్కసారి ఇచ్చే రెండువందల మిల్లీగ్రాముల మోతాదు కూడా చాలామందిని కాపాడింది.

పేలన్నీ చచ్చిపోతే జబ్బు ప్రపంచం నుంచి పోవాలి కదా. పోదు. న్యూయార్క్‌లో నేథన్ బ్రిల్ అనే వైద్యుడు, ఒంటి మీద ఒక్క పేను కూడా లేనివాళ్లకు టైఫస్ లాంటి తేలికపాటి జ్వరం రావడం చూసి 1910లో వివరంగా రాశాడు. ఆ రోగుల్లో ఎక్కువమంది తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చినవాళ్లు. వాళ్లు సొంత దేశంలో ఎప్పుడో టైఫస్ నుంచి కోలుకున్నవాళ్లని, ఒంట్లో ఏళ్ల తరబడి అణిగి ఉన్న సూక్ష్మజీవే మళ్లీ తలెత్తిందని 1934లో హాన్స్ జిన్సర్ వాదించాడు. అదే నిజమైంది. అలాంటి ముసలివ్యక్తికి జ్వరం తిరగబెట్టిన రోజున ఒంటి మీద పేలుంటే, అక్కడి నుంచే కొత్త మహమ్మారి మొదలుకావచ్చు. శాంతికాలంలో ఆ జ్వరం అతనితోనే ఆగిపోతుంది. యుద్ధం వచ్చి, సబ్బు కరువై, జనం శిబిరాల్లో కిక్కిరిసినప్పుడు మాత్రం ఆగదు.

ఆఫ్రికా మధ్యభాగంలోని చిన్న కొండదేశం బురుండిలో ఇలాగే జరిగింది. 1993లో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. ఇళ్లు వదిలిన లక్షలాది జనం చలిగాలుల కొండల మీద శిబిరాల్లో తలదాచుకున్నారు. 1995లో ఎన్‌గోజీ పట్టణంలోని జైల్లో జ్వరం కనబడింది. 1997 నాటికి శిబిరాలకు పాకి వేలకు వేలమందిని పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రపంచంలో ఇంత పెద్ద టైఫస్ మహమ్మారి రాలేదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దేశమే అయినా కొండల ఎత్తు వల్ల అక్కడ చలి, ఉన్నదేమో ఒక్క జత బట్టలు. పేనుకు కావలసింది అంతకన్నా లేదు.

పేను మందుల చరిత్రలో ఒక జయం, ఒక హెచ్చరిక ఉన్నాయి. 1943 చలికాలంలో ఇటలీలోని నేపుల్స్‌లో, బాంబులకు భయపడి జనం సొరంగాల్లో కాపురముంటున్నప్పుడు టైఫస్ చెలరేగింది. మిత్రరాజ్యాల వైద్యబృందాలు బట్టలు విప్పించకుండానే, చొక్కా మెడలోంచి, చేతుల్లోంచి, నడుము దగ్గర నుంచి గొట్టంతో పొడిమందు చల్లాయి. మొదట పైరెత్రం పొడి, తర్వాత డీడీటీ. లక్షలాది మందికి చల్లారు. నడి శీతాకాలంలోనే మహమ్మారి అణిగింది. మరి ఏడెనిమిదేళ్లకే కొరియా యుద్ధంలో అదే డీడీటీకి అక్కడి పేలు చావడం మానేశాయి. మందుకు పేను అలవాటు పడగలదు, సలసల కాగే నీళ్లకు అలవాటు పడలేదు.

మరి తలపేల వల్ల టైఫస్ ఎందుకు రాదు? ప్రయోగశాలలో రికెట్సియా ఉన్న రక్తం పెడితే తలపేను కడుపులో కూడా అది పెరుగుతుంది. కాబట్టి తలపేనుకు చేతకాక కాదు. కానీ తలపేల వల్ల టైఫస్ మహమ్మారి వచ్చినట్టు ఎక్కడా రుజువు లేదు. పిల్ల తలలో ఉండే పేలు మామూలుగా పదీ ఇరవై. పట్టించుకోని బట్టల్లో చీరపేలు వందలు, వేలు ఉండగలవు. వాటి మలం బట్ట నిండా పేరుకుంటుంది. తలపేలు శుభ్రంగా ఉండే ఇళ్లలోనూ ఉంటాయి, అక్కడ రికెట్సియా ఉన్న మనిషి వాటికి దొరకడు.

అందుచేత అమ్మలకు నేను చెప్పేదేమంటే, బడికి వెళ్లే అమ్మాయి తలలో పేలు కనబడితే సిగ్గుపడకండి, ఆమెను తిట్టకండి, గుండు చేయించకండి. తలకు తల ఆనించి ఆడుకునే పిల్లలందరికీ అవి వస్తాయి. తడి జుట్టును పాయలు తీసి, మాడు నుంచి చివరిదాకా ఈర్పెనతో దువ్వి, తెల్లగుడ్డ మీద తుడిచి చూడండి. పాకే పేను కనబడితేనే ఉన్నట్టు. మాడుకు వేలి వెడల్పు దూరంలో ఉన్న తెల్లటి ఈర్లు చాలావరకు ఖాళీ డొల్లలే, వెంట్రుకతో పాటు పైకి వచ్చినవే. పెర్మెత్రిన్ మందు వాడితే తొమ్మిది పది రోజులకు రెండోసారి కూడా రాయాలి, ఎందుకంటే మొదటిసారి బతికిపోయిన ఈర్ల నుంచి పిల్లలు అప్పటికే బయటికి వచ్చి, ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాకుండా ఉంటాయి. కిరసనాయిలు, పంటల మీద కొట్టే మందులు తలకు రాయకండి. వాటివల్ల ప్రాణాలు పోగలవు.

చీరపేల సంగతి వేరు. వాటిని ఒంటి మీద వెతికితే దొరకవు. బట్ట తిరగేసి కుట్ల వెంట వెతకాలి. అక్కడ ఈర్లు వరసగా కనబడతాయి. ఒంటికి మందు రాయడం కన్నా బట్ట మార్చడం ముఖ్యం. మార్చిన బట్టలను మరిగే నీళ్లలో ఉడకబెట్టి, కుట్ల మీద వేడి ఇస్త్రీపెట్టె నడపాలి. ఉడకబెట్టడానికి వీలులేని దుప్పట్లను, కోట్లను సంచిలో గట్టిగా మూటగట్టి రెండు వారాలు ఎవరూ ముట్టకుండా పక్కన పెడితే పేలూ, పొదిగి వచ్చిన పిల్లలూ ఆకలికి చస్తాయి.

చలికాలంలో ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లకు దుప్పట్లు పంచే సంఘాలు మన నగరాల్లో చాలా ఉన్నాయి. ఆ సంఘాలవారికి నా విన్నపం ఒకటే. దుప్పటితో పాటు రెండో జత బట్టలు, ఒక సబ్బు, వారానికి ఒక్కసారైనా వేణ్ణీళ్ల స్నానానికీ బట్టలు ఉడకబెట్టుకోవడానికీ చోటు ఏర్పాటు చేయండి.